బాకీ అడిగే మూడో మెసేజ్‌లో ముళ్ళు ఏరడం ఎలా

తాడిపత్రిలో ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో పదకొండేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. నల్లబండ లోడు పంపడం మాకు ఒకరోజు పని, దాని డబ్బు రాబట్టడం నెలల పని. బాకీ అడిగే మొదటి మెసేజ్ అందరూ మర్యాదగానే రాస్తారు. రెండోది కాస్త పొడిగా ఉంటుంది. సన్నాయి నొక్కులు మొదలయ్యేది మూడోదాంట్లో. అందులో తిట్టు ఒక్కటీ ఉండదు, 'గారు', 'దయచేసి' దండిగా ఉంటాయి, అయినా చదివినవాడికి ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు దీన్ని ప్యాసివ్ అగ్రెసివ్ అంటున్నారు. మన ఇళ్ళల్లో ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు అనేవి ఇవే.

ఇలాంటి డ్రాఫ్ట్ ఒకటి పోయిన ఏడాది మా ఓనరుగారి అబ్బాయి రాశాడు. పంపేముందు నాకు చూపించాడు కాబట్టి బతికిపోయాం. దాన్ని ఎలా సరిచేశామో ఒక్కో అడుగూ చెప్తాను. పేర్లు లేవు, అంకెలు కొంచెం మార్చాను.

విషయం ఇది. కర్నూలులో అపార్ట్‌మెంట్ కడుతున్న ఒక కాంట్రాక్టరుకు జూన్ 12న ఒక లోడు పంపాం. రెండడుగులకు రెండడుగుల బండలు 932, అంటే 3,728 చదరపు అడుగులు. పన్నుతో కలిపి అడుగు 50 రూపాయల చొప్పున బిల్లు 1,86,400. అడ్వాన్స్ 60,000 వచ్చింది. మిగిలిన 1,26,400 నెలలోపు ఇవ్వాలని మాట. జూలై 12 దాటింది. జూలై 15న, 25న రెండు మెసేజ్‌లు పెట్టాం. నీలం టిక్కులు పడ్డాయి కానీ జవాబు లేదు. ఆగస్టు 5న అబ్బాయి రాసిన మూడో మెసేజ్ ఇదీ:

"గౌరవనీయులైన సార్ గారికి నమస్కారములు. తమరు చాలా బిజీగా ఉన్నట్టున్నారు, మా మెసేజ్‌లు చూడడానికి తీరిక దొరకలేదనుకుంటాం. మా బిల్లు గురించి ఇంతకుముందే చాలాసార్లు చెప్పాం. బండలు కావాల్సినప్పుడు మాత్రం రాత్రి పదింటికి కూడా ఫోన్ చేశారు కదా. కనీసం ఈసారైనా జవాబు ఇస్తారని ఆశిస్తున్నాం. చెక్కు రెడీ అయిందట, మీ అకౌంటెంట్ గారు చెప్పారు, మరి ఎక్కడ ఆగిందో ఆ దేవుడికే తెలియాలి. మాలాంటి చిన్నవాళ్ళకు ఇది పెద్ద మొత్తమే. మీకు వీలైనప్పుడు పంపండి. లేకపోతే మేం కూడా వేరే దారి చూసుకోవాల్సి వస్తుంది. అర్థం చేసుకుంటారని ఆశిస్తూ..."

చదివి, "బాగా రాసినాను కదక్కా, ఒక్క తప్పు మాట లేదు" అన్నాడు. నిజమే, తప్పు మాట లేదు. పనికొచ్చే మాట కూడా లేదు. బిల్లు నంబరు లేదు, మొత్తం లేదు, ఎప్పటిలోగా కావాలో లేదు. కర్నూలు ఆఫీసులో ఎవరైనా ఇది చూసి డబ్బు వేయాలనుకున్నా ఎంత వేయాలో తెలియదు.

మొదటి అడుగు: ప్రతి వాక్యానికీ గుర్తు పెట్టడం

డ్రాఫ్ట్‌ను ఫోన్‌లోనే పెట్టుకుని సరిచేయకండి. కాగితం మీద రాసుకోండి, లేదా వాక్యానికో లైను చొప్పున విడగొట్టండి. చెయ్యి పంపే బటన్‌కు దూరంగా ఉండడం కూడా మంచిదే. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది చదివాక అవతలి మనిషి చేయగలిగే పని ఏదైనా ఉందా, లేక అతనికి తెలియని సమాచారం ఏదైనా ఉందా అని చూడండి. పని ఉంటే 'ప', సమాచారం ఉంటే 'స' అని పక్కన రాయండి. రెండూ లేకపోతే ఆ వాక్యం ఉన్నది అతనికి ఏదో అనిపించడానికే. దానికి సున్నా చుట్టండి.

మా డ్రాఫ్ట్‌లో నమస్కారం తీసేస్తే తొమ్మిది వాక్యాలు తేలాయి. 'ప' ఒక్కటే, 'వీలైనప్పుడు పంపండి' అన్నది. చెక్కు సంగతిలో సగం 'స'. మిగిలినవన్నీ సున్నాలే. అబ్బాయి ముఖం చిన్నబోయింది కానీ నాకిది కొత్త కాదు. నేను కోపంలో రాసిన డ్రాఫ్ట్‌లూ ఇంతకన్నా మేలుగా ఏం ఉండవు.

రెండో అడుగు: చిన్న మాటలు వెతకడం

ఇంగ్లీషు మెయిళ్ళ గురించి రాసేవాళ్ళు 'యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్', 'జెంటిల్ రిమైండర్' లాంటివి జాగ్రత్త అంటారు. తెలుగులో ముల్లు అంత పెద్ద మాటల్లో దాగదు. రెండు మూడు అక్షరాల మాటల్లో, ఒక్కోసారి ఒక్క ప్రత్యయంలో దాక్కుంటుంది. అందుకే రాసినవాడికి కనబడదు.

'ఇంకా' తీసుకోండి. "డబ్బు రాలేదు" అంటే సమాచారం. "డబ్బు ఇంకా రాలేదు" అంటే ఈపాటికి రావాల్సింది, నువ్వు పంపలేదు అని. 'మళ్ళీ', 'ఇంతకుముందే', 'చాలాసార్లు' కూడా అలాంటివే, అడిగిన విషయం కన్నా అడగాల్సి రావడాన్నే ఎత్తి చూపుతాయి. 'కనీసం' అంటే నీ నుంచి ఎక్కువ ఆశించడం మానేశాం అని. 'ఈసారైనా'లోని 'ఐనా' పోయినసారి తప్పును మోసుకొస్తుంది. "కావాల్సినప్పుడు మాత్రం" అనగానే రెండో సగం ఏమిటో చెప్పక్కర్లేదు, వినేవాడే పూరించుకుంటాడు. 'కదా' పక్కన కూర్చుని మాట్లాడేటప్పుడు స్నేహంగా ఉంటుంది, రాతలో అదే మాట కోర్టులో లాయరు అడిగినట్టు ఉంటుంది.

అన్నిటికన్నా పదునైనది 'అట'. చెక్కు రెడీ అయింది అనడానికీ, రెడీ అయిందట అనడానికీ మధ్య ఉన్నది ఒక్క అపనమ్మకమే. మీ మనిషి చెప్పాడు, మేం నమ్మడం లేదు అనే రెండు మాటలను ఆ రెండు అక్షరాలే చెప్పేస్తాయి.

పరీక్ష సులభం. ఆ మాటను వేలితో మూసి వాక్యం చదవండి. విషయం మారకపోతే మాట తీసేయండి. విషయం తగ్గిందనిపిస్తే దాని స్థానంలో తేదీ గానీ అంకె గానీ పెట్టండి. 'చాలాసార్లు' పోయి 'జూలై 15న, 25న' వస్తుంది. 'ఇంకా రాలేదు' పోయి 'ఆగస్టు 5 సాయంత్రం వరకు మా ఖాతాలో జమ కాలేదు' వస్తుంది. 'అట' పోయి ఎవరు, ఎప్పుడు, ఎలా చెప్పారో వస్తుంది: "జూలై 29న మీ అకౌంటెంట్ గారు చెక్కు సిద్ధంగా ఉందని ఫోన్‌లో చెప్పారు."

అలాగని ఈ మాటలన్నిటినీ నిషేధించక్కర్లేదు. "బిల్లు మళ్ళీ పంపుతున్నాను, పాతది తెరుచుకోవడం లేదన్నారు" అంటే అక్కడ 'మళ్ళీ'లో ముల్లు లేదు, రెండోసారి పంపుతున్న కారణం పక్కనే ఉంది. మాటను కాదు, అది చేస్తున్న పనిని చూడాలి.

మూడో అడుగు: మర్యాద ఎక్కువైందేమో చూడడం

మా అబ్బాయి ఆ కాంట్రాక్టరును మూడేళ్ళుగా 'అన్నా' అనే పిలుస్తాడు. జూలైలో పెట్టిన రెండు మెసేజ్‌లూ 'అన్నా, నమస్తే' అనే మొదలయ్యాయి. మూడోదాంట్లో ఉన్నట్టుండి 'గౌరవనీయులైన సార్ గారికి', 'తమరు' వచ్చాయి. మన సీమలో అన్న అనేవాణ్ణి సార్ అన్నామంటే గౌరవం పెంచినట్టు కాదు, చుట్టరికం తెంచినట్టు. ఇది అందుకున్నవాడికి మొదటి లైనులోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎంత మెత్తగా రాసినా లాభం లేదు.

కాబట్టి గొడవ మొదలవకముందు పెట్టిన చివరి మామూలు మెసేజ్ తెరిచి, అందులో ఎలా పిలిచారో ఇప్పుడూ అలాగే పిలవండి. ఆఫీసు మెయిల్‌కు వెళ్ళేదైతే, ఎప్పుడూ సార్ అనే రాస్తుంటే, సార్ అనే ఉంచండి. పిలుపు మారకపోవడమే ముఖ్యం.

'మాలాంటి చిన్నవాళ్ళకు' అనేది కూడా ఈ జాతిదే. వినయంలా కనబడుతుంది, లోపల 'నువ్వు పెద్దవాడివై ఉండి ఇలా చేస్తావా' అని ఉంటుంది. డబ్బు నిజంగా అత్యవసరమైతే ఎందుకో చెప్పండి. "ఈ నెల 14న క్వారీకి కట్టాల్సి ఉంది" అంటే అది కారణం. చిన్నవాళ్ళం అనడం కారణం కాదు, కారణం చెప్పే ధైర్యం లేక వేసుకున్న దుప్పటి.

పనిలో పనిగా మన ప్రాంతం మాట ఒకటి. ఇక్కడ డబ్బును 'లెక్క' అంటాం. "లెక్క ఎప్పుడు పంపుతావన్నా" అంటే కడపలో, అనంతపురంలో ఎవరికైనా డబ్బే. ఒకసారి ఇదే మాట విజయవాడ పార్టీకి రాస్తే, వాళ్ళు ఎక్సెల్‌లో ఖాతా స్టేట్‌మెంట్ పంపి ఊరుకున్నారు. వెక్కిరిస్తున్నారని మేం అనుకున్నాం, పాపం వాళ్ళు అడిగినదే పంపారు. రాతలో 'బకాయి మొత్తం', 'చెల్లింపు' అని వాడితే ఈ తంటా ఉండదు.

నాలుగో అడుగు: ఊహలన్నీ తీసేయడం

"బిజీగా ఉన్నట్టున్నారు", "చూడలేదనుకుంటాం", "మరిచిపోయి ఉంటారు", "ఆ దేవుడికే తెలియాలి". ఇవన్నీ అవతలివాడి మనసులో ఏముందో మనం చెప్పడం. నీలం టిక్కు పడిన మెసేజ్‌ను చూడలేదనుకుంటాం అనడమంటే, చూశావని మాకు తెలుసు అనడమే.

ఊహను తీసేస్తే అక్కడ ఖాళీ మిగులుతుంది. నా అనుభవంలో అసలు పని మొదలయ్యేది ఇక్కడే, ఎందుకంటే మనకు తెలియనిదేదో అక్కడ ఉంది. తెలియదు కాబట్టే దెప్పాం. దాన్ని ఒక ప్రశ్నగా మార్చాలి, అదీ ఒక్క లైనులో జవాబివ్వగలిగే ప్రశ్నగా. "ఏమైందో చెప్పండి" అంటే అవతలివాడు సంజాయిషీ రాయాలి, ఎవరూ రాయరు. "చెక్కు నంబరు, తేదీ తెలపగలరు" అంటే ఫోన్ తీసి రెండు అంకెలు కొడతాడు. "బిల్లు పాస్ కావడానికి మా నుంచి ఇంకేమైనా కాగితం కావాలా?" అన్నది నాకు బాగా నచ్చిన ప్రశ్న. ఆ 'ఇంకేమైనా' తప్పు అతనిది కాకపోవచ్చు అనే దారి తెరుస్తుంది, అలా తెరవడం ఉట్టి మర్యాద కోసం కాదని మాకు ఆరోజే తెలిసింది.

'చాలాసార్లు' స్థానంలో తేదీలు పెట్టడానికి అబ్బాయిని చాట్ వెనక్కి జరపమన్నాను. జూలై 25, జూలై 15 దొరికాయి. ఇంకా పైకి పోతుంటే జూన్ 20న సైట్ సూపర్‌వైజర్ పెట్టిన ఫోటో కనబడింది. విరిగిన బండల గుట్ట, కింద "24 పగిలినాయి, బిల్లులో తగ్గించండి" అని మెసేజ్. దానికి మావాడి జవాబు ఒక బొటనవేలు గుర్తు. అంతే. ఆ తర్వాత మా వైపు నుంచి ఎవరూ ఏమీ చేయలేదు.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మాకు, ఆ పార్టీకి మధ్య ఒప్పందం ప్రకారం లోడులో పగిలినవి మా ఖాతాలోనే. 24 బండలంటే 96 అడుగులు, 4,800 రూపాయలు. బిల్లులో అంత మొత్తం తగ్గించామని మేం క్రెడిట్ నోట్ రాసివ్వాలి. అది ఇవ్వకపోతే వాళ్ళ దగ్గర సైటులో దిగిన సరుకుకూ, బిల్లులో ఉన్న సరుకుకూ పొంతన కుదరదు. పొంతన లేని బిల్లును ఏ అకౌంటెంటూ పాస్ చేయడు. రెండు మెసేజ్‌లలో మేం 1,26,400 అడిగాం. అసలు రావాల్సింది 1,21,600.

ఐదో అడుగు: బెదిరింపును షరతుగా మార్చడం, లేదా తీసేయడం

"వేరే దారి చూసుకోవాల్సి వస్తుంది" అన్నదాంట్లో దారి ఏమిటో లేదు, ఎప్పుడో లేదు. అలాంటి వాక్యం చదివినవాడు భయపడడు, చిరాకు పడతాడు. పైగా దాని ముందు వాక్యం "వీలైనప్పుడు పంపండి". ఒకే ఊపిరిలో తొందర లేదనీ, తొందరపడకపోతే చూడు అనీ అన్నాం. ఇలాంటి జంట కనబడితే రెండూ తీసేసి ఒక్క తేదీ రాయండి. "మీకు వీలైనప్పుడు" అనే మాట నిజంగా తొందర లేనప్పుడే వాడాలి.

షరతు రాయాలంటే అది మీరు నిజంగా చేయబోయేదే అయి ఉండాలి, మీ చేతిలో ఉండాలి, తేదీ ఉండాలి. "ఈ బకాయి అందాక తరువాతి లోడు పంపుతాం" అనేది షరతు. కోపం లేకుండా చదవచ్చు, అవతలివాడు దాన్ని బట్టి తన పని సర్దుకోవచ్చు.

చట్టం పేరు ఎత్తడం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మా యూనిట్లలో ఇప్పుడు అందరి నోటా ఇదే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందంలోని గడువు లోపు చెల్లించాలి, ఆ గడువు కూడా 45 రోజులు మించకూడదు. రాత ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే ఇలాంటి బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. బండలు కోసి పాలిష్ చేసే యూనిట్‌కు ఇది వర్తిస్తుంది. ఉత్తగా కొని అమ్మే వ్యాపారికి ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్నా ఈ ఆలస్యపు చెల్లింపుల రక్షణ దొరకదు, అది తెలియక చట్టం పేరు రాసి నవ్వులపాలైనవాళ్ళు ఉన్నారు.

మా కేసులో ఇంకో మెలిక ఉంది. సరుకు అందిన 15 రోజుల లోపు కొన్నవాడు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, గడువు లెక్క సరుకు దిగిన రోజు నుంచి కాక, ఆ అభ్యంతరాన్ని మనం తీర్చిన రోజు నుంచి మొదలవుతుంది. లోడు జూన్ 13న దిగింది, ఫోటో జూన్ 20న వచ్చింది. వాట్సాప్ మెసేజ్ కూడా రాతేనని వాళ్ళు వాదిస్తే మాకు చెప్పడానికి ఏముంది? వేరే దారి చూసుకుంటాం అని బెదిరించి ఆ దారిలో పోయుంటే మొదటి మలుపులోనే ఆగేవాళ్ళం.

చట్టం రాయాల్సి వచ్చినా ఒక మెసేజ్ చివర్లో తోకలా తగిలించకండి. అది వేరే ఉత్తరంగా, బిల్లు, ఉద్యమ్ నంబరు, తేదీలు, వడ్డీ లెక్కతో సహా, మెయిల్‌లో లేదా రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళాలి. అప్పుడు అది నోటీసు. వాట్సాప్‌లో "చట్టాలు మాకూ తెలుసు" అంటే అది ఎత్తిపొడుపే.

ఆరో అడుగు: రాతలో లేని దెప్పులు

మెసేజ్ శుభ్రంగా ఉన్నా అది వెళ్ళే దారిలో ముల్లు ఉండొచ్చు. సైటు మనుషులు, ఇతర సప్లయర్లు ఉన్న గ్రూపులో బాకీ అడగడం, ఎప్పుడూ లేనిది అతని పార్ట్‌నర్‌ను మెయిల్‌లో కలపడం, రాత్రి పదకొండింటికి పంపడం, జవాబుగా ఉత్త ప్రశ్నార్థకం గుర్తులు పెట్టడం ఇలాంటివి. ఇంకొకరిని కలపడం అవసరమైతే ఎందుకు కలిపారో అదే మెయిల్‌లో రాయండి: "క్రెడిట్ నోట్ నమోదు కోసం మీ అకౌంటెంట్ గారిని కలుపుతున్నాను."

వాట్సాప్ స్టేటస్ సంగతి చెప్పకుండా ఉండలేను. మా వీధిలో సగం వసూళ్ళు స్టేటస్‌లోనే జరుగుతాయి. "అడగందే అమ్మైనా పెట్టదు" అని ఒక సామెత, కింద పూలగుత్తి. బాకీ ఉన్న నలుగురూ అది తమ గురించేనని అనుకుంటారు, అందులో నిన్ననే డబ్బు కట్టిన మనిషి కూడా ఉంటాడు. అతనికి సర్దిచెప్పుకోవడం ఇంకో పని.

ఏడో అడుగు: మళ్ళీ రాయడం

ముళ్ళు ఏరాక మిగిలిన డ్రాఫ్ట్‌ను అతికించకండి, చిరుగులు కనబడతాయి. కొత్తగా రాయండి. నేను పాటించే వరస ఇది: ముందు మన వైపు తప్పో, కొత్త విషయమో ఉంటే అది, తర్వాత బిల్లు వివరం, తర్వాత అడిగేది, తేదీతో. చివర అతనికి అభ్యంతరం ఉంటే చెప్పే దారి. మేం ముందు క్రెడిట్ నోట్ తయారుచేసి, ఆగస్టు 6న ఉదయం పదిన్నరకు పంపిన మెసేజ్ ఇదీ:

"అన్నా, నమస్తే. జూన్ 20న మీ సూపర్‌వైజర్ గారు 24 బండలు పగిలాయని ఫోటో పంపారు. దానికి క్రెడిట్ నోట్ ఇవ్వడం మా వైపు ఆగిపోయింది, క్షమించాలి. 4,800 రూపాయల క్రెడిట్ నోట్ ఇప్పుడు జతచేశాను.

బిల్లు నం. 47, జూన్ 12: 1,86,400
అడ్వాన్స్: 60,000
క్రెడిట్ నోట్: 4,800
రావాల్సిన బకాయి: 1,21,600

చెల్లింపు గడువు జూలై 12. జూలై 29న మీ అకౌంటెంట్ గారు చెక్కు సిద్ధంగా ఉందని చెప్పారు. అది ఏ మొత్తానికి రాశారో తెలపగలరు. ఆగస్టు 13 లోపు చెక్కు గానీ ఆన్‌లైన్ చెల్లింపు గానీ అందేలా చూడగలరు. ఆన్‌లైన్ అయితే యూటీఆర్ నంబరు పంపితే వెంటనే ఖాతాలో సరిచూస్తాను. బిల్లు పాస్ కావడానికి మా నుంచి ఇంకేమైనా కాగితం కావాలంటే ఈ నంబరుకే చెప్పండి."

ఇందులో రాత్రి పదింటి ఫోన్ లేదు. దానికి మర్యాదైన రూపం ఏదైనా ఉందా అని అబ్బాయి అడిగాడు. లేదు. ప్రతి ముల్లుకూ బదులు మాట ఉండదు, కొన్నిటిని తీసి పారేయడమే. అలాగే 'అర్థం చేసుకుంటారని ఆశిస్తూ' కూడా పోయింది. అర్థం చేసుకోవాల్సింది ఏమీ మిగల్లేదు, అంకెలు ఉన్నాయి.

'క్షమించాలి' అన్నది ఒక్కసారే, మన తప్పు దగ్గరే ఉంది. మెత్తదనం కోసం చివర ఇంకోసారి 'ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి' అని కలిపితే, మనకు రావాల్సిన డబ్బు అడగడమే తప్పన్నట్టు అవుతుంది. కొందరికది మళ్ళీ ఎత్తిపొడుపులా కూడా వినబడుతుంది. ముళ్ళు ఏరేటప్పుడు జరిగే ఇంకో పొరపాటు, గడువు తేదీ కూడా ముల్లే అనుకుని తీసేయడం. తేదీ ముల్లు కాదు, వెన్నెముక. దాన్ని 'కాస్త', 'కొంచెం', 'వీలుంటే' అనే మాటల్లో ముంచకండి.

చివరి పరీక్ష: వేరే గొంతుతో చదివించడం

మీరు రాసింది మీరే చదివితే మీ మనసులోని గొంతే వినబడుతుంది. గొడవ సంగతి తెలియని మనిషికి ఇచ్చి గట్టిగా చదవమనండి, అదీ వీలైనంత వెటకారంగా. మా దగ్గర ఈ పని కటింగ్ మెషీన్ దగ్గరుండే పెద్దాయన చేస్తాడు, నాటకాల్లో వేషాలు వేసిన మనిషి. పాత డ్రాఫ్ట్ చదివితే 'చేశారు కదా' దగ్గర చెయ్యి తిప్పి, 'దేవుడికే తెలియాలి' దగ్గర పైకి చూశాడు, లోడింగ్ వాళ్ళంతా నవ్వారు. కొత్తది ఇస్తే రెండు లైన్లు వెటకారంగా లాగి, "దీంట్లో పట్టు దొరకదమ్మా, ఉత్త అంకెలు" అని కాగితం తిరిగిచ్చేశాడు.

ఇది అన్నిటికీ మందు కాదు. డబ్బు ఎగ్గొట్టాలనే నిర్ణయించుకున్నవాడికి ఎంత శుభ్రమైన మెసేజ్ పెట్టినా అంతే. కానీ అప్పుడు కౌన్సిల్ ముందో, కోర్టులోనో, ఊరి పెద్దమనుషుల ముందో చూపించే కాగితం ఇదే అవుతుంది. అందులో 'దేవుడికే తెలియాలి' ఉంటే చూసేవాళ్ళు మన బిల్లు వదిలి మన నోటి గురించి మాట్లాడతారు. నిజంగా కోపం చెప్పాల్సి వస్తే ఫోన్ చేసి నేరుగా చెప్పండి, "అన్నా, నాకు బాధగా ఉంది" అని. అది దెప్పు కాదు. ఆ తర్వాత మాట్లాడుకున్నది రెండు లైన్లలో తేదీతో రాసి పంపండి.

కర్నూలు నుంచి ఆ మధ్యాహ్నమే జవాబు వచ్చింది. చెక్కు జూలై 28నే రాశారట అని ఇప్పుడు నేనే అనబోయి ఆగాను. రాశారు. ఫోటో కూడా పంపారు. మొత్తం 1,21,600. మా క్రెడిట్ నోట్ కోసం వాళ్ళ అకౌంటెంట్ టేబుల్ డ్రాయర్‌లో పెట్టి ఉంచాడు.